కాదన్న కంపెనీకి ఆరు నెలల తర్వాత రాసే మెసేజ్

ఇంటర్వ్యూలో మనల్ని కాదన్నాక మన రెజ్యూమె ఏమవుతుంది? చెత్తబుట్టలో పడేస్తారని చాలామంది అనుకుంటారు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు కావచ్చు, కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ కావచ్చు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ కావచ్చు, చాలాచోట్ల జరిగేది అది కాదు. మన పేరు ఒక ఎక్సెల్ షీట్‌లోనో, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనో ఒక వరసలో ఉండిపోతుంది. పేరు, ఫోన్ నంబరు, చదువు, అడిగిన జీతం, చివర్లో రిమార్క్స్ అని ఒక గడి. ఆ గడిలో నాలుగైదు మాటలే ఉంటాయి. ‘అనుభవం లేదు’, ‘జీతం ఎక్కువ అడిగింది’, ‘నోటీసు మూడు నెలలు’, ‘మంచి కుర్రాడే, వేరే వాళ్లని తీసుకున్నాం’.

కొన్ని నెలల తర్వాత మళ్లీ పలకరించడమంటే ఆ గడిలో ఉన్న మాటకి జవాబు చెప్పడం. ‘నన్ను గుర్తు పెట్టుకోండి సార్’ అంటే హెచ్.ఆర్. చెయ్యగలిగింది ఏమీ లేదు. ‘మీరు అప్పుడు వద్దన్న కారణం ఇప్పుడు లేదు’ అంటే మాత్రం ఆ షీట్ తెరవడానికి ఆయనకో పని దొరుకుతుంది. రిమార్కు ఏమిటో తెలియకుండా రాసే పలకరింపు అందుకే పండగ శుభాకాంక్షల ఫార్వర్డ్‌లాగా కింద పడి ఉంటుంది.

రిమార్కు తెలుసుకునే సమయం కాదన్న రోజే. ఆరు నెలలు పోయాక అడిగితే హెచ్.ఆర్.కే గుర్తుండదు. ‘నన్నెందుకు తీసుకోలేదు’ అని అడిగితే తగాదాలా వినిపిస్తుంది, వాళ్లు ‘పైవాళ్ల నిర్ణయమండీ’ అని తప్పించుకుంటారు. ‘మళ్లీ ఖాళీ వస్తే అప్లై చేద్దామనుకుంటున్నాను మేడమ్, అప్పటికి నేను ఏది నేర్చుకుని ఉంటే మీకు పనికొస్తాను?’ అని అడిగితే సగం మందైనా ఒక మాట చెప్తారు. ఆ మాట అక్కడే రాసుకోవాలి, తేదీతో సహా. అడిగినా చెప్పకపోతే ఇంటర్వ్యూలో ఏ ప్రశ్న దగ్గర వాళ్లు ఆగారో, ఏది రెండుసార్లు అడిగారో వెనక్కి తిప్పి చూసుకోండి. రెండుసార్లు అడిగిందే చాలావరకు రిమార్కు అయి ఉంటుంది.

అన్ని రిమార్కులూ మారేవి కావు. కావలసిన డిగ్రీ లేకపోవడం, ఇంటర్వ్యూలో అబద్ధం దొరికిపోవడం, ఆఫర్ తీసుకుని చెప్పాపెట్టకుండా చేరకపోవడం, వీటికి ఎన్ని మెసేజ్‌లు పెట్టినా ఫలితం ఉండదు. అనుభవం, జీతం, నోటీసు, షిఫ్టు, ఊరు, ‘ఈసారికి పోస్టు నిండిపోయింది’ లాంటివి మారతాయి. ఈ అధ్యాయం వాటి గురించే.

ఒక ప్లాంటు, ఒక అమ్మాయి

మన డెల్టాలో ఎక్కువ మందికి పనికొచ్చే ఉదాహరణ ఒకటి తీసుకుందాం. అమ్మాయి ఊహించుకున్న మనిషే, చుట్టూ ఉన్న పరిస్థితులు మాత్రం నిజమైనవి.

పాలకొల్లు అమ్మాయి, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. 2025 జూలైలో భీమవరం వైపు ఒక రొయ్యల ప్లాంటులో మైక్రో ల్యాబ్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్లింది. క్వాలిటీ హెడ్ రెండు విషయాలు అడిగాడు. కాలేజీ ప్రాక్టికల్స్ తప్ప ల్యాబ్‌లో రోజువారీ పని చేశావా అన్నాడు, లేదంది. నైట్ షిఫ్టు చేస్తావా అన్నాడు, ‘ఇంట్లో అడిగి చెప్తానండి’ అంది. ఆ రెండో జవాబే ఆమెని ఎక్కువ దెబ్బతీసింది. పట్టుబడి రోజుల్లో చెరువుల నుంచి లారీలు ఏ అర్ధరాత్రో వస్తాయి, ప్లాంటు మూడు షిఫ్టులూ నడుస్తుంది, శాంపిల్ తెల్లారేదాకా ఆగదు. ఇంట్లో అడిగి చెప్తాననే మాట హెచ్.ఆర్. చెవికి ‘కుదరదు’ అన్నట్టే వినిపిస్తుంది.

ఈలోగా అమెరికా సుంకాలు వచ్చిపడ్డాయి. 2025 ఆగస్టు 7న భారతీయ సరుకుల మీద 25 శాతం, అదే నెల 27న మరో 25 శాతం. రొయ్య మీద అప్పటికే ఉన్న పాత సుంకాలు కలిపితే 58 శాతం దాకా పోయింది. మన రొయ్యకి అమెరికాయే పెద్ద బేరం కాబట్టి ఇక్కడి ప్లాంట్లలో కొత్త నియామకాలకి బ్రేకు పడటం సహజం. సెప్టెంబరు మొదట్లో హెచ్.ఆర్. మేడమ్ ఆమెకి ఫోన్ చేసి ‘ప్రస్తుతానికి హోల్డ్ అమ్మా, ల్యాబ్ అనుభవం ఉన్నవాళ్లకే ముందు ఛాన్సు’ అంది.

ఇప్పుడు ఈమె ఎప్పుడు రాయాలి? సెప్టెంబరులోనే మళ్లీ రాస్తే రెండు నష్టాలు. రిమార్కు మారలేదు, ప్లాంటు పరిస్థితీ మారలేదు. పైగా ‘హోల్డ్’ అన్న నెలలోనే మూడుసార్లు అడిగిన పేరు విసుగుతో గుర్తుంటుంది. ఆమె చెయ్యవలసింది ఆ రెండు కారణాలనూ ముందు పరిష్కరించుకోవడం.

అక్టోబరులో భీమవరంలోనే ఒక ప్రైవేటు ఆక్వా ల్యాబ్‌లో తక్కువ జీతానికి చేరింది అనుకుందాం. రైతులు తెచ్చిన నీళ్లలో అమోనియా, ఆల్కలినిటీ చూడటం, విబ్రియో ప్లేటింగ్, సీడ్‌కి వైట్‌స్పాట్, ఈహెచ్‌పీ పీసీఆర్ పరీక్షలు, ఇవీ అక్కడి పనులు. హాస్టల్‌లో గది తీసుకుంది. అంటే షిఫ్టు ప్రశ్నకి కూడా జవాబు దొరికింది.

ఇక్కడొక జాగ్రత్త ఉంది, చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఆక్వా ల్యాబ్ చూసేది చెరువుని, ప్లాంటు ల్యాబ్ చూసేది తినే సరుకుని. ప్లాంటులో టోటల్ ప్లేట్ కౌంట్, ఈ.కోలై, సాల్మొనెల్లా చూస్తారు. 25 గ్రాముల శాంపిల్‌లో సాల్మొనెల్లా అసలు కనిపించకూడదు, పాత పద్ధతిలో అది తేల్చడానికి రోజులు పడతాయి. చెరువు నీళ్లు చూసిన అమ్మాయి ‘ప్లాంటు పరీక్షలన్నీ వచ్చు’ అని రాస్తే క్వాలిటీ హెడ్ రెండు ప్రశ్నల్లో పట్టేస్తాడు, అప్పుడు రిమార్కు మారని జాతిలోకి పోతుంది. రెండు ల్యాబులకీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? మీడియా తయారీ, స్టెరిలైజేషన్, ప్లేటింగ్, కాలనీ లెక్క, రిజిస్టరు రాయడం. అదే చెప్పుకోవాలి, అంతకి మించి వద్దు.

నెల, వారం, పూట

వన్నామీ పంట సుమారు మూడు నుంచి నాలుగు నెలలు. ఫిబ్రవరి, మార్చిలో సీడ్ వేసిన చెరువులు మే, జూన్‌లో పట్టుబడికి వస్తాయి. అప్పుడు ప్లాంటుకి మనుషులు కావాలి. పీలింగ్ షెడ్డుకి మనుషుల్ని చివరి నిమిషంలో కాంట్రాక్టరు తేగలడు గానీ ల్యాబ్ మనిషికి కనీసం నెల రోజుల శిక్షణ ఉండాలి. కాబట్టి ఎవరు కావాలి, ఎంతమంది కావాలి అన్న లెక్క మార్చి ప్రాంతంలో హెచ్.ఆర్. టేబుల్ మీదకి వస్తుంది. మన అమ్మాయి మెసేజ్‌కి సరైన సమయం ఫిబ్రవరి రెండో సగం. వైరస్ తగిలితే రైతులు ముందే పట్టేస్తారు, లెక్క తారుమారవుతుంది, అందుకని ఇది పంచాంగం కాదు. అయినా ‘నాకు ఉద్యోగం కావాలనిపించిన రోజు’ కంటే ‘వాళ్లకి మనిషి కావాల్సిన నెల’ చూసి రాయడం ఎప్పుడూ మేలు.

సంక్రాంతి వారంలో మాత్రం రాయకండి. ఆ వారంలో గోదావరి జిల్లాల్లో ఉద్యోగాల గురించి ఆలోచించే హెచ్.ఆర్. ఉంటే నాకు చూపించండి. సోమవారం పొద్దున్న వద్దు, నెలాఖరు జీతాల రోజులు వద్దు. మంగళ, బుధవారాల్లో పదకొండు గంటల వేళ బాగుంటుంది.

సీజను కాకుండా మరో కబురు కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ మన దేశంలో మరో 102 సముద్రోత్పత్తుల యూనిట్లకి ఎగుమతి అనుమతి ఇచ్చింది. యూరప్ వాళ్లు యాంటీబయాటిక్ అవశేషాల దగ్గర గట్టిగా ఉంటారు. మన దేశం నుంచి వెళ్లే రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో శాంపిల్ తీసే వాటాని 2016లో 10 నుంచి 50 శాతానికి పెంచారు. అంటే కొత్తగా అనుమతి వచ్చిన ప్లాంటులో ల్యాబ్ పనీ, కాగితం పనీ పెరిగే అవకాశం ఉంది. ఆమెని కాదన్న ప్లాంటు ఆ జాబితాలో ఉందని ఖాయంగా తెలిస్తే, ఫిబ్రవరి దాకా ఆగకుండా ముందే రాయవచ్చు. తెలియకపోతే ఆ ఊసే ఎత్తకూడదు. వాళ్ల వ్యాపారం గురించి తప్పు చెప్పడం కంటే చెప్పకపోవడం నయం.

మెసేజ్

ముందు సాధారణంగా వెళ్లే మెసేజ్ చూడండి. ‘గుడ్ మార్నింగ్ మేడమ్, ఎలా ఉన్నారు? నేను లాస్ట్ ఇయర్ ఇంటర్వ్యూకి వచ్చాను. ఏమైనా ఓపెనింగ్స్ ఉన్నాయా మేడమ్? ఏ జాబ్ అయినా పర్లేదు, ప్లీజ్ మేడమ్.’ ఇందులో పేరు లేదు, ఏ పోస్టో లేదు, ఏ నెలో లేదు, మారింది ఏమిటో లేదు. ‘ఏ జాబ్ అయినా పర్లేదు’ అన్నది వినయం అనుకుంటాం. అవతల మనిషికి మాత్రం మన రెజ్యూమెని ఏ ఖాళీ పక్కన పెట్టాలో వెతుక్కునే పని పెట్టామన్నమాట. ఆ పని ఎవరూ చెయ్యరు.

మన అమ్మాయి ఇలా రాయవచ్చు:

‘నమస్తే మేడమ్. నా పేరు ఫలానా, పాలకొల్లు. 2025 జూలైలో మీ ప్లాంటులో మైక్రో ల్యాబ్ పోస్టుకి ఇంటర్వ్యూకి వచ్చాను. అప్పుడు ల్యాబ్ అనుభవం లేదన్నారు, నైట్ షిఫ్టు గురించి నేను ఖచ్చితంగా చెప్పలేకపోయాను. అక్టోబరు నుంచి భీమవరంలో ఒక ఆక్వా ల్యాబ్‌లో చేస్తున్నాను. మీడియా తయారీ, ప్లేటింగ్, విబ్రియో కౌంట్, పీసీఆర్ రోజూ నా చేతి మీదే జరుగుతాయి. సాల్మొనెల్లా పరీక్ష ఇంకా నేర్చుకోవాలి. ఇప్పుడు భీమవరం హాస్టల్‌లో ఉంటున్నాను, మూడు షిఫ్టులూ వీలవుతాయి. నెల నోటీసుతో చేరగలను. వేసవి పంటకి ల్యాబ్‌లోకి తీసుకునే ఆలోచన ఉంటే కొత్త రెజ్యూమె జత చేశాను, చూడగలరు.’

మెయిల్ అయితే ఇంగ్లీషులోనే రాస్తాం, పరవాలేదు, వరస ఇదే. సబ్జెక్టు లైనులో పేరు, పోస్టు, ఇంటర్వ్యూ జరిగిన నెల ఉండాలి, ఎందుకంటే హెచ్.ఆర్. తన పాత మెయిళ్లలో వెతికేది వాటితోనే. జూలైలో ఇచ్చిన ఫోన్ నంబరునే వాడాలి. నంబరు మారితే పాతది కూడా రాయాలి, లేకపోతే షీట్‌లో మనం కొత్త మనిషి అయిపోతాం, వెనకటి ఇంటర్వ్యూలో మార్కులేమైనా పడి ఉంటే అవి పోతాయి. రెజ్యూమె ఫైలుకి మన పేరూ పోస్టూ పెట్టాలి. ‘ఫైనల్ న్యూ 3’ అన్న పేరుతో వచ్చిన ఫైలు డౌన్‌లోడ్ ఫోల్డర్లో కలిసిపోతుంది.

‘సాల్మొనెల్లా ఇంకా నేర్చుకోవాలి’ అన్న వాక్యం చూసి కొందరు ముక్కు విరుస్తారు, లోపం మనమే చెప్పుకోవడం దేనికని. ఆ వాక్యం వల్లే పై వాక్యాలన్నీ నమ్మబుద్ధేస్తాయి. క్వాలిటీ హెడ్‌కి ఆ మెసేజ్ ఫార్వర్డ్ అయితే ఆయన మొదట ఆగేదీ అక్కడే.

ఇక మనవైపు అలవాటు ఒకటుంది. మెసేజ్ పెట్టకుండా, ఆ ప్లాంటులో పార్ట్‌నర్‌కి తెలిసిన మామయ్య చేత చెప్పించడం. లేదా మెసేజ్ పెట్టి, వెంటనే మామయ్య చేత కూడా చెప్పించడం. తెలిసినవాళ్లు చెప్పడం తప్పని నేననను, డెల్టాలో సగం ఉద్యోగాలు అలాగే నడుస్తున్నాయని అందరికీ తెలుసు. కానీ క్వాలిటీ హెడ్ వద్దన్న మనిషిని పైనుంచి తోస్తే, ఆమె చేరాక ఆ ల్యాబ్‌లో ఆమె ప్రతి తప్పూ రెండింతలుగా కనిపిస్తుంది. మామయ్య చేత చెప్పించాల్సి వస్తే ‘తీసుకోండి’ అని కాదు, ‘ఒకసారి ఇంటర్వ్యూకి పిలిచి చూడండి’ అని చెప్పించండి, అదీ మన మెసేజ్ వెళ్లిన వారం తర్వాత.

జవాబు వస్తే, రాకపోతే

‘సీజన్‌లో చెప్తామమ్మా’ అని వస్తే అది మర్యాదకి అన్నమాటా, నిజమా అన్నది ఎలా తెలుస్తుంది? ఎంత జీతం అనుకుంటున్నావు, ఎప్పుడు చేరగలవు, ఎక్కడుంటున్నావు, వీటిలో ఏదైనా అడిగితే నిజం. ఏమీ అడగకుండా ఓ చేతులు జోడించిన బొమ్మ పెడితే మర్యాద. జీతం అడిగినప్పుడు ‘మీ ఇష్టం మేడమ్’ అనకుండా ఒక అంకె చెప్పాలి. మెసేజ్ పెట్టేముందే ఆ అంకె మనసులో ఉండాలి, ఇప్పుడు వస్తున్న జీతం, హాస్టల్ ఖర్చు కలిపి లెక్కేసుకుని.

నీలి టిక్కులు పడి జవాబు రాకపోతే మళ్లీ అదే మెసేజ్ పెట్టకండి. జవాబు రాని మెసేజ్ పనిచెయ్యలేదని కాదు. ఖాళీ లేనప్పుడు హెచ్.ఆర్. జవాబివ్వదు, ఖాళీ వచ్చిన రోజు పేరు వెతుకుతుంది. రెండో మెసేజ్‌కి మళ్లీ ఏదో ఒకటి మారి ఉండాలి. సాల్మొనెల్లా నేర్చుకుందా, అప్పుడు రాయొచ్చు. రెండో పంటకి ముందు, ఆగస్టు ప్రాంతంలో అయితే మరీ మంచిది.

ఇంకో చిక్కు, హెచ్.ఆర్. మేడమే కంపెనీ మారిపోవడం. ఫోన్ నంబరు ఆమె సొంతదైతే అది నష్టం కాదు, లాభం. పాత ప్లాంటుకి అధికారిక మెయిల్‌కి రాయాలి, ఆమెకి విడిగా కొత్త చోట అవసరముందేమో అడగాలి. ఒకరి మనసులో మన గురించి ఉన్న మంచి అభిప్రాయం ఆ మనిషితోనే కదులుతుంది, ప్లాంటులో ఉండిపోదు.

హైదరాబాద్ వెళ్లినవాళ్లకి

సాఫ్ట్‌వేర్‌లో సీజను పంటని బట్టి ఉండదు, నోటీసు పీరియడ్‌ని బట్టి ఉంటుంది. ఆఫర్ తీసుకున్నవాళ్లు 60, 90 రోజుల నోటీసు చెయ్యాలి, ఆ మధ్యలో ఇంకో ఆఫర్ వస్తే చెప్పకుండా జారుకునేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లు రారని రిక్రూటర్‌కి తెలిసేది చేరాల్సిన రోజుకి కాస్త ముందో, ఆ రోజేనో. ఆ పూట అతనికి కావాల్సింది ఇంటర్వ్యూలన్నీ అయిపోయి, రెండో స్థానంలో ఆగిపోయిన మనిషి, 15 రోజుల్లో చేరగలిగినవాడు.

మిమ్మల్ని జూన్ 10న ‘చివరి రౌండ్ దాకా వచ్చావు, వేరే అతన్ని తీసుకున్నాం’ అన్నారనుకోండి. 90 రోజులు కలిపితే సెప్టెంబరు 8. ఆగస్టు చివరి వారంలో రాసిన మెసేజ్‌కి ఉన్న విలువ జూలైలో రాసినదానికి ఉండదు. అందులో ముఖ్యమైన వాక్యం ‘ఇప్పుడు నోటీసులో ఉన్నాను, ఫలానా తేదీకి చేరగలను’ అన్నదే.

కన్సల్టెన్సీ రిక్రూటర్ అయితే ఇంకో లెక్క. వాళ్లకి కంపెనీ ఇచ్చే ఫీజు సాధారణంగా ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, ఆ దరిదాపుల్లో. చేరినవాడు 90 రోజుల్లోపు వెళ్లిపోతే ఉచితంగా ఇంకొకర్ని వెతికి ఇవ్వాలన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. కాబట్టి జూన్‌లో పోయిన పోస్టు డిసెంబరు దాకా ఎప్పుడైనా మళ్లీ తెరుచుకోవచ్చు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, కన్సల్టెన్సీ ద్వారా వెళ్లిన కంపెనీకి కొన్ని నెలలపాటు మనం నేరుగా అప్లై చేస్తే రెండు దారుల్లో ఒకే పేరు వెళ్లి గొడవవుతుంది, ఇద్దరూ మనల్ని పక్కన పెడతారు. ఏ దారిన వెళ్లామో ఆ దారినే పలకరించాలి. టెక్నికల్ రౌండ్‌లో పోయిన పెద్ద కంపెనీల్లో ఆరు నెలల దాకా మళ్లీ అవకాశం ఇవ్వని నియమం మామూలు, అక్కడ ఆ గడువు అయ్యేదాకా రాయడం వృథా.

మెసేజ్ పెట్టేముందు నౌకరీ ప్రొఫైల్‌లో లాగిన్ అయి ఒక వాక్యమైనా మార్చండి. రిక్రూటర్లు అక్కడ వెతికేటప్పుడు ఈ మధ్య చురుగ్గా ఉన్నవాళ్లనే చూపించమని ఫిల్టరు పెట్టుకుంటారు. మన మెసేజ్ చదివి మన పేరు వెతికితే ఏడాది కింద ఆగిపోయిన ప్రొఫైల్ కనబడకూడదు.

ఇలా పలకరించిన కొన్నాళ్లకి కొత్త నంబరు నుంచి ‘మీ ప్రొఫైల్ సెలెక్ట్ అయింది, రిజిస్ట్రేషన్‌కి ఇంత పంపండి’ అని వస్తే, అది మీ హెచ్.ఆర్. కాదు. రిక్రూటర్‌కి డబ్బిచ్చేది కంపెనీ, అభ్యర్థి కాదు. పాత నంబరుకి ఫోన్ చేసి అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

మళ్లీ పిలిచారనుకుందాం. పాలకొల్లు అమ్మాయి అదే గదిలో అదే క్వాలిటీ హెడ్ ముందు కూర్చుంటుంది. ఆయన మళ్లీ ఆ రెండు ప్రశ్నలే అడుగుతాడు, ఎందుకంటే ఆయన ముందున్న కాగితంలో అవే ఉన్నాయి. ల్యాబ్ గురించి అడిగితే నిన్న పొద్దున్న ఏ శాంపిల్ ప్లేట్ చేసిందో, ఎన్ని కాలనీలు వచ్చాయో చెప్పాలి. షిఫ్టు గురించి అడిగితే హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో, రాత్రి డ్యూటీ ఉంటే వార్డెన్ ఏమందో, ప్లాంటు బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. ఈసారి ‘ఇంట్లో అడిగి చెప్తానండి’ అనకుండా ఉండాలంటే, ఫిబ్రవరిలో మెసేజ్ పెట్టకముందే ఇంట్లో అడిగి ఉండాలి.